ఒక రాత్రికి ఒక్క మాత్రే

ఒకటో తేదీన తెచ్చిన ముప్పై నిద్రమాత్రలు ఇరవై రెండుకే అయిపోతే, ఇంట్లో ముందు వచ్చే అనుమానం మందుల షాపు మీదే. లెక్క తప్పించి ఇచ్చాడేమో అనుకుంటారు. మరుసటి నెలా అదే జరిగితే అనుమానం పెద్దావిడ మీదికి మళ్లుతుంది. అలవాటు పడిపోయి, మాకు చెప్పకుండా రెండేసి వేసుకుంటోంది అంటారు. మూడో కారణం ఒకటుంది, అది అందరికీ ఆఖర్న తడుతుంది: వేసుకున్న సంగతి మర్చిపోయి ఆవిడ మళ్లీ వేసుకుంటోంది. పైగా ఆ మరపులో కొంత వయసుది అయితే, కొంత ఆ మాత్రదే.

మన దగ్గర డాక్టర్లు పెద్దవాళ్లకు నిద్ర కోసం ఎక్కువగా రాసేవి జోల్పిడెమ్, ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్ లాంటి మాత్రలు. ఇవన్నీ మెదడులో చురుకుదనాన్ని తగ్గించే ఒకే వ్యవస్థ మీద పనిచేస్తాయి. నిద్ర వచ్చేది అందుకే. అయితే మందు రక్తంలోకి ఎక్కాక జరిగిన సంగతుల్ని మెదడు సరిగ్గా దాచుకోదు. పాత జ్ఞాపకాలు పోవు. చిన్ననాటి ఊరు, పిల్లల పెళ్లిళ్లు అన్నీ గుర్తుంటాయి. మాత్ర మింగిన తర్వాతి గంటా రెండు గంటలు మాత్రం ఎక్కడా నమోదు కాకుండా జారిపోతాయి. ఆ మసకలో మింగిన క్షణం కూడా కలిసిపోవచ్చు. కాబట్టి "నేను వేసుకోలేదు" అని ఆవిడ ఒట్టేసి చెప్పినా అందులో అబద్ధం ఉండదు. ఈ సంగతి ఇంట్లో వాళ్లకు తెలిస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

మళ్లీ వేసుకునే ప్రమాదం రాత్రంతా ఒకేలా ఉండదు. రెండు వేళల్లో ఎక్కువ. మొదటిది, మాత్ర వేసుకున్న గంటలోపు. నిద్ర ఇంకా పట్టలేదు, పక్క మీద దొర్లుతున్నారు, ఇవాళ్టిది వేసుకున్నానా అని సందేహం వస్తుంది, చెయ్యి స్ట్రిప్పు మీదికి పోతుంది. రెండోది, నడిరాత్రి. జోల్పిడెమ్ అరగంటలో పని మొదలుపెడుతుంది. సగటున రెండున్నర గంటలకు దాని పాలు రక్తంలో సగానికి దిగుతుంది. పెద్దవాళ్లలో ఇంకొంచెం నెమ్మదిగా దిగుతుంది. తొమ్మిదిన్నరకు వేసుకుంటే ఒంటిగంటకో రెండింటికో మెలకువ రావడం వింత కాదు. మూత్రానికి లేస్తారు. గదిలో చీకటి, ఇల్లంతా నిశ్శబ్దం, టైమెంతో తెలియదు. ఇప్పుడే పడుకోబోతున్నాననుకుని రెండోది వేసుకుంటారు.

రెండో మాత్ర తెచ్చే హాని వెంటనే కనపడకపోవచ్చు. మత్తులో బాత్‌రూమ్‌కి వెళ్తూ పడిపోవడం అందులో మొదటిది. డెబ్బై దాటాక తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మళ్లీ మునుపటిలా నడవడం చాలా కష్టం. శ్వాస మందగించడం రెండోది. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు, నొప్పులకు ట్రమడాల్‌లాంటివో, నరాల మంటకు ప్రెగబాలిన్‌లాంటివో వాడేవాళ్లకు, మందు పుచ్చుకునేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. క్లోనజెపామ్ సంగతి ఇంకోరకం. దాని పాలు సగానికి దిగడానికే ముప్పై నుంచి నలభై గంటలు పడుతుంది. అంటే ఇవాళ రాత్రి మాత్ర మింగేటప్పటికి నిన్నటిది సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. దాని మీద మరొకటి పడితే, పగలు తూలుడు, మాట ముద్దగా రావడం, మధ్యాహ్నం పూట కూడా కళ్లు మూతలు పడటం రోజుల తరబడి కొనసాగుతాయి. ఇంట్లో వాళ్లు మతిమరుపు జబ్బు ముదిరిందనుకుంటారు, లేదా పక్షవాతమేమోనని కంగారు పడతారు.

ఇక్కడ చాలామంది చేసే పని, ఏడు అరల మందుల డబ్బా కొని తేవడం. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక్కో రోజుకు ఒక్కో మూత. అది బీపీ మాత్రకో థైరాయిడ్ మాత్రకో బాగా పనికొస్తుంది. వేసుకోవడం మర్చిపోయేవాళ్ల కోసం తయారైన డబ్బా అది. అర నిండుగా ఉంటే వేసుకోలేదని, ఖాళీగా ఉంటే వేసుకున్నామని చెబుతుంది. మన సమస్య అది కాదు. వేసుకున్నది మర్చిపోయి మళ్లీ వేసుకునే మనిషికి ఆ డబ్బా మంచం పక్కన పెడితే, ఏడు రాత్రుల మత్తు ఒకేచోట చేతికందేలా పెట్టినట్టు. గురువారం అర ఖాళీగా ఉందనుకోండి. నడిరాత్రి లేచిన మనిషికి ఇవాళ గురువారమో శుక్రవారమో తెలియదు. శుక్రవారం మూత తీసి వేసుకుంటుంది. డబ్బా తన పని తాను చేసింది, మాత్ర మాత్రం రెండోసారి లోపలికి పోయింది. అందుకే వారపు డబ్బాలో మిగతా మందులన్నీ ఉంచండి, నిద్రమాత్ర మాత్రం ఉంచకండి. దానికి వేరే ఏర్పాటు కావాలి: చేతికి అందేచోట ఆ రాత్రిది తప్ప ఇంకొకటి ఉండకూడదు.

ఒక ఇల్లు తీసుకుని చూద్దాం. కాకినాడలో అపార్ట్‌మెంట్. డెబ్బై ఎనిమిదేళ్ల అత్తగారు, కొడుకూ కోడలూ, చదువుకునే పిల్ల. అత్తగారికి రాత్రి జోల్పిడెమ్ ఐదు మిల్లీగ్రాములు రాశారు. పెద్దవాళ్లకు ఇవ్వదగ్గ మోతాదు అంతే, పది కాదు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆడవాళ్లందరికీ మొదలుపెట్టే మోతాదును పది నుంచి ఐదుకు తగ్గించమంది, ఉదయానికి కూడా రక్తంలో మందు ఎక్కువగా మిగిలిపోతోందని. రెండు నెలలుగా మాత్రలు వారం ముందే అయిపోతున్నాయి. అత్తగారు పొద్దున పదింటికి గాని లేవడం లేదు. ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టిన సంగతే ఆవిడకు గుర్తు లేదు.

కోడలు మొదట చేయాల్సింది వెతకడం. పగలు, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకునే. ఆవిడకు తెలియకుండా గది గాలిస్తే ఆ తర్వాత ఏ ఏర్పాటుకూ ఒప్పుకోదు. దిండు కింద, పరుపు అంచున, పర్సులో, కళ్లజోడు పెట్టెలో, దేవుడి గూట్లో, ఊరు వెళ్లే సంచిలో చూడాలి. నిద్ర పట్టని భయం ఉన్నవాళ్లు అక్కడో రెండు ఇక్కడో రెండు దాచుకోవడం మామూలే. దొరికిన వాటిని పేరు చూసి వేరుచేయాలి. స్ట్రిప్పు మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, దాని కింద సన్నగా ఉండేది అసలు మందు పేరు. రెండు వేర్వేరు రంగుల స్ట్రిప్పుల్లో ఒకే మందు ఉండొచ్చు. గుండె దడకు ఇంకో డాక్టరు రాసిన మాత్రలో ఆల్ప్రజోలామ్ కలిసి ఉండొచ్చు. జలుబుకో దురదకో తెచ్చిన మత్తిచ్చే మాత్రలు, దగ్గు మందులు కూడా ఈ కుప్పలోకే వస్తాయి. పెద్దవాళ్లలో అవీ మతిమరుపును పెంచేవే. వీటన్నింటినీ ఒక కవర్లో వేసి డాక్టరుకు చూపించాలి. వాడనక్కర్లేదన్నవాటిని ఇంట్లో ఉంచుకోకూడదు.

రెండో పని తాళం. అసలు స్ట్రిప్పులన్నీ బీరువాలోనో తాళం పడే చిన్న పెట్టెలోనో ఉంటాయి. తాళంచెవి కోడలి దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది, మేకుకు వేలాడదు. నంబరు తాళమైతే ఆవిడ పుట్టిన సంవత్సరం పెట్టకండి. మతిమరుపులో చిట్టచివరి దాకా మిగిలే అంకె అదే.

మూడోది ఇచ్చే వేళ. భోజనం అయ్యాక టీవీ ముందు ఇచ్చే అలవాటు మానుకోవాలి. సీరియల్ అయిపోయి, పళ్లు తోముకుని, బాత్‌రూమ్‌కి వెళ్లివచ్చి, మంచం మీద కూర్చున్నాక ఇవ్వాలి. అలా ఇస్తే మాత్ర మత్తులో నడిచే అవసరం తగ్గుతుంది, నిద్ర కోసం ఎదురుచూసే సమయమూ తగ్గుతుంది. కోడలు తాళం తీసి, స్ట్రిప్పులోంచి ఒక్కటి నొక్కి, చిన్న గిన్నెలో వేసి తెస్తుంది. మింగేదాకా అక్కడే ఉంటుంది. స్ట్రిప్పును గళ్లు గళ్లుగా కత్తిరించి ఒక్కో ముక్క మంచం పక్కన పెట్టే ఇళ్లున్నాయి. ఆ పని చేయకండి. చూపు తగ్గినవాళ్లు చీకట్లో రేకుతో సహా మింగేస్తే దాని అంచులు అన్నవాహికను కోస్తాయి. "ఇక్కడ పెట్టాను, తర్వాత వేసుకోండి" అని వదిలేసి రావడం కూడా పనికిరాదు. తర్వాత ఎప్పుడు వేసుకున్నారో ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు ఆ గిన్నెల్లోంచే రెండు మూడు దిండు కిందికి చేరతాయి.

మాత్ర ఇచ్చిన వెంటనే కోడలు కాగితం మీద తేదీ, టైము రాసి సంతకం చేస్తుంది. రాసేది ఇచ్చినవాళ్లే కావాలి. పెద్దావిడ చేత టిక్కు పెట్టించే పద్ధతి చూడ్డానికి మర్యాదగా ఉంటుంది గాని నమ్మదగ్గది కాదు. వేసుకోకుండా టిక్కు పెట్టొచ్చు, టిక్కు చూసి అది నిన్నటిదనుకోవచ్చు. ఈ కాగితం అసలు ఉపయోగం ఇంట్లో మనుషుల మధ్యే. కోడలు తొమ్మిదిన్నరకు ఇచ్చి పడుకుంది. పదకొండింటికి ఆఫీసు నుంచి వచ్చిన కొడుకును తల్లి అడుగుతుంది, "నాన్నా, నా నిద్రమాత్ర ఇవ్వలేదురా ఎవరూ" అని. ఆయన పాపం తాళం తీసి ఇస్తాడు. మతిమరుపు తల్లిదే అయినా రెండో మాత్ర ఇచ్చింది కొడుకు. తాళంపెట్టె మూత లోపలే ఆ కాగితం అంటించి ఉంటే, మాత్ర ముట్టుకునే ముందే అది కంటపడుతుంది.

నాలుగోది లెక్క. ఆదివారం పొద్దున రెండు నిమిషాల పని. ఒకటో తేదీ రాత్రి కొత్త స్ట్రిప్పులతో మొదలుపెడితే, పన్నెండో తేదీ ఉదయానికి పదకొండు రాత్రులు గడిచాయి. ముప్పైలో పంతొమ్మిది మిగలాలి. పదిహేనే ఉంటే నాలుగు ఎక్కడికో పోయాయి. తాళం వేశాక కూడా లెక్క తేలడం లేదంటే తాళంచెవి ఎవరి చేతికో అందుతోంది, లేదా ఇద్దరు ఇస్తున్నారు. లెక్క సరిగ్గా ఉండి కూడా పొద్దున మత్తు వదలడం లేదంటే ఇంట్లో ఇంకెక్కడో స్ట్రిప్పు ఉంది, లేకపోతే ఆ ఒక్క మాత్రే ఆవిడకు ఎక్కువవుతోంది. రెంటిలో ఏదైనా డాక్టరుకు చెప్పాల్సిందే.

ఇంత చేసినా రాత్రి ఒంటిగంటకు గది గుమ్మంలో పెద్దావిడ నిలబడే ఉంటుంది. "అమ్మాయ్, నాకు మాత్ర ఇవ్వలేదు నువ్వు" అంటుంది. నిద్రలో ఉన్న కోడలి నోట ముందు వచ్చేది "ఇచ్చానుగా, మర్చిపోయారు" అనే మాటే. మర్చిపోయారన్న మాట వింటే ఆవిడకు అవమానం, ఆ తర్వాత కోపం, ఉన్న కాస్త నిద్రా పోతుంది. "తొమ్మిదిన్నరకు వేసుకున్నారత్తయ్యా, నేనే ఇచ్చాను. ఒకసారి బాత్‌రూమ్‌కి వెళ్లొద్దాం రండి, కాసిని నీళ్లు తాగి పడుకుందురు గాని" అంటే చాలు. వాదన పెట్టుకోకుండా జవాబు చెప్పి, వెంటనే ఇంకో పనిలోకి తీసుకెళ్లడమే ఇందులో కిటుకు. రోజూ ఇదే ప్రశ్న వస్తుంటే మంచానికి ఎదురుగా పెద్దంకెల డిజిటల్ గడియారం పెట్టండి. తేదీ, వారం, రాత్రో పగలో కూడా చూపించే రకాలు దొరుకుతాయి. పక్కనే పెద్దక్షరాలతో "ఇవాళ్టి నిద్రమాత్ర వేసుకున్నారు" అని రాసిన అట్ట. మాత్ర ఇచ్చాకే అది పెట్టాలి, పొద్దున తీసేయాలి. తీయడం మర్చిపోతే మర్నాటి రాత్రి అదే అబద్ధం చెబుతుంది.

రెండోసారి అడిగినప్పుడు బి-కాంప్లెక్స్ మాత్రో మరొకటో నిద్రమాత్రే అని ఇచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి. వాళ్ల అలసట అర్థమవుతుంది. కానీ నాకది నచ్చదు. అడిగితే రెండోసారి కూడా దొరుకుతుందని ఆవిడకు అలవాటవుతుంది. కోడలు ఊరెళ్లిన రోజు ఆ అలవాటే అసలు మాత్ర కోసం వెతికిస్తుంది. మోసం బయటపడితే పొద్దున ఇచ్చే బీపీ మాత్ర కూడా అనుమానంగానే చూస్తుంది.

ఈ ఏర్పాటంతా ఆవిడ మీద రుద్దినట్టు ఉండకూడదు. మతిమరుపు మొదటి దశలో ఉన్న మనిషికి పొద్దున పూట తెలివి బాగానే ఉంటుంది. ఆ వేళలో, డాక్టరు ఎదుటో ఆవిడ మాట వినే తమ్ముడి ఎదుటో, ఖాళీ స్ట్రిప్పులు చూపించి చెప్పి ఒప్పించాలి. ఆవిడ తన చేత్తోనే స్ట్రిప్పులు పెట్టెలో పెట్టి తాళం వేయిస్తే, రాత్రి గొడవ పడ్డా పొద్దున తనే ఒప్పుకుంటుంది.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల విషయం దీనికంటే కష్టం. పిల్లలు అమెరికాలో, తల్లి గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఇళ్లు మనకు కొత్త కాదు. అక్కడున్న పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది: ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అంటే న్యూయార్క్‌లో వేసవిలో మధ్యాహ్నం పన్నెండు, చలికాలంలో పదకొండు. రోజూ ఆ టైముకు వీడియో కాల్‌లో కూర్చుని మాత్ర వేసుకోవడం చూడొచ్చు. కానీ కాల్ చూడగలిగేది మొదటి మాత్రనే, ఒంటిగంటకు వేసుకునే రెండోదాన్ని కాదు. కాబట్టి మిగతా మాత్రలు ఆ ఇంట్లో ఉండకూడదు. సాయంత్రం వంట మనిషో, ఎదురింటి వాళ్లో, పక్కవీధి చుట్టాలో ఆ రాత్రి మాత్రను మాత్రమే తెచ్చి, ఎదురుగా వేయించి వెళ్లాలి. మరీ పెందలాడే ఇచ్చి వెళ్లిపోతే మాత్రం మత్తులో గ్యాస్ వెలిగించడం, తలుపు గడియ మర్చిపోవడం మొదలవుతాయి.

తాళం వేసుకునే ఆటోమేటిక్ డబ్బాలు కూడా ఉన్నాయి. గుండ్రంగా, లోపల ఇరవై ఎనిమిది అరలతో ఉండే రకం ఎక్కువ. టైము కాగానే మోగి, చక్రం తిరిగి, ఒక్క అర మాత్రమే బయటికి తెరుచుకుంటుంది. మిగతావి తాళం లోపలే. ఏడు అరల డబ్బా చేయలేని పని ఇది చేస్తుంది. దీనికీ హద్దులున్నాయి. చెవి సరిగ్గా వినపడని మనిషికి మోత వినిపించదు. తెరుచుకున్న అరలో మాత్ర ఉండిపోతే తెల్లవారుజామున మూడింటికి వేసుకునే వీలుంది, అప్పుడు మత్తు మధ్యాహ్నం దాకా వదలదు. కాబట్టి కొనేముందు రెండు విషయాలు అడగండి: తీయని మాత్రను కొంతసేపటికి లోపలికి తిప్పేసుకుంటుందా, తలకిందులు చేసి కుదిపితే మిగతా అరల్లోంచి మాత్రలు రాలుతాయా. అందులో మాత్రలు నింపేది, తాళంచెవి దాచేది పెద్దావిడ కాకూడదు.

రెండో మాత్ర వేసుకున్నట్టు తెలిసిన రాత్రి ఏం చేయాలి? మనిషి మెలకువగా, మాటకు మాట చెబుతుంటే పక్క మీంచి ఒంటరిగా లేవనివ్వకండి, డాక్టరుకు ఫోన్ చేయండి, పావుగంటకోసారి పిలిచి చూడండి. ఎన్ని మింగారో తెలియకపోతే, ఒకటికి మించి ఎక్కువ మింగారని అనుమానం ఉంటే, ఇంతకు ముందు చెప్పిన మందులో మద్యమో తోడై ఉంటే డాక్టరు ఫోన్ కోసం ఆగకుండా 108కి చేయండి. పిలిచినా, భుజం తట్టినా లేవకపోయినా, నిమిషానికి ఊపిరి పదికంటే తగ్గినా, గొంతులో గురగుర వస్తున్నా, పెదాలు నీలంగా మారినా అంతే. అంబులెన్స్ వచ్చేలోగా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కాఫీ తాగించడం, వేలు పెట్టి వాంతి చేయించడం వద్దు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షుగర్ ఉన్న మనిషైతే షుగర్ చూడండి. షుగర్ పడిపోయినా మనిషి ఇలాగే మగతగా ఉంటుంది. ఉన్న స్ట్రిప్పులన్నీ, సంతకాల కాగితం వెంట తీసుకెళ్లండి. ఏ మందు, ఎన్ని, ఎప్పుడు అన్నదే ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న.

ఆ తర్వాత డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఇంకో ప్రశ్న మీరు అడగాలి, ఈ మాత్ర ఇంకా అవసరమా అని. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ పెద్దవాళ్లకు తగని మందుల పట్టికలో ఈ రెండు జాతుల నిద్రమాత్రలూ ఉన్నాయి. మతిమరుపు ఉన్నవాళ్లకు, ఇంతకు ముందు పడినవాళ్లకు మరీ వద్దంటుంది. పెద్దాయనో పెద్దావిడో రాత్రి మేలుకోవడానికి కారణం మూత్రమో, కీళ్ల నొప్పో, మధ్యాహ్నం రెండు గంటల కునుకో, సాయంత్రం ఆరింటి కాఫీయో అయితే వాటిని సరిచేయడంతోనే మాత్ర అవసరం తగ్గొచ్చు. అయితే రెండో మాత్ర భయంతో ఒక్కసారిగా మొత్తం ఆపేయకండి. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు హఠాత్తుగా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు వారాల తరబడి కొద్దికొద్దిగా మోతాదు తగ్గిస్తారు. ఆ రోజుల్లో సగం మాత్ర, పావు మాత్ర అని లెక్క మారుతూ ఉంటుంది గనుక తాళం, సంతకాల కాగితం అప్పుడు ఇంకా ఎక్కువ అవసరం.

తగ్గించేదాకా నెలకు సరిపడా కాకుండా వారానికి సరిపడా రాయమని డాక్టరును అడగొచ్చు. ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, నైట్రజెపామ్, జోల్పిడెమ్ మన దేశంలో షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఇంటి దగ్గరి షాపుకు ఒకసారి వెళ్లి, అమ్మ ఒక్కతే వచ్చి అడిగితే ఇవ్వొద్దని, మా ఇంట్లో ఫలానా వాళ్లు చీటీతో వస్తేనే ఇవ్వమని చెప్పి, మీ ఫోన్ నంబరు రాసిచ్చి రండి.